ల్యాప్‌టాప్ కంటే ముందు కెమెరాను అడగండి

వీడియో ఎడిటింగ్‌కు ల్యాప్‌టాప్ కావాలని దుకాణంలో అడిగితే "బడ్జెట్ ఎంతండీ?" అంటారు. తెలిసిన కుర్రాణ్ని అడిగితే "గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో అన్నా, అందులో ఏదైనా నడుస్తుంది" అంటాడు. మీరు ఏ కెమెరాతో, ఏ సెట్టింగ్‌లో తీస్తారని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఒక్క సంగతి తెలియకుండా కొంటే లక్ష రూపాయల యంత్రం కూడా టైమ్‌లైన్ మీద నత్తలా నడుస్తుంది.

కాకినాడలో పెళ్లి వీడియోలు తీసే ఒకతన్ని ఊహించుకుందాం. కానన్ ఈఓఎస్ ఆర్6 కెమెరాలు మూడున్నాయి. తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా కానన్ లాగ్‌లో, 4కె సైజులో, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తీస్తాడు. స్నేహితుడి సలహా మీద ఎనిమిది కోర్ల రైజెన్ 7 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. ఆటలు బ్రహ్మాండంగా ఆడుతున్నాయి. జీలకర్ర బెల్లం ఘట్టంలో మూడు కెమెరాల క్లిప్పులనూ పక్కపక్కన పెట్టి ప్లే నొక్కితే మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, మంత్రాలు ముందు వినిపిస్తున్నాయి.

చాలామంది ముందు హార్డ్‌డిస్క్‌ను అనుమానిస్తారు. లెక్క వేసి చూద్దాం. ఆ సెట్టింగ్‌లో ఆర్6 సెకనుకు 170 మెగాబిట్లు రాస్తుంది, అంటే దాదాపు 21 మెగాబైట్లు. మూడు కెమెరాలకు కలిపి 64. మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కూడా వరసగా చదివితే ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. ఫైలు రావడంలో ఆలస్యం లేదు, వచ్చిన ఫైలును విప్పడంలోనే ఉంది.

ఆ కెమెరా లాగ్‌లో తీసే వీడియో హెచ్.265 పద్ధతిలో కుదించి ఉంటుంది. ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అక్కడక్కడా ఒక పూర్తి బొమ్మ ఉండి, మిగతావాటిలో ఏం మారిందన్నదే రాసి ఉంటుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదన్నమాట: ఇవాళ్టి బాకీ తెలియాలంటే పోయిన నెల నిల్వ దగ్గర మొదలుపెట్టి, మధ్యలోని పద్దులన్నీ కలుపుతూ తీసేస్తూ రావాలి. టైమ్‌లైన్ మీద మీరు ఎక్కడో నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ ఈ లెక్కంతా మళ్లీ చేస్తుంది, అదీ మూడు క్లిప్పులకు.

ఈ పని కోసమే గ్రాఫిక్స్ చిప్పుల్లో ప్రత్యేకంగా ఒక డీకోడర్ ఉంటుంది. మెలిక ఇక్కడే ఉంది. ఇంట్లో చూసే సినిమాలు, ఓటీటీ వీడియోలు 4:2:0 అనే రకానివి. ఇందులో వెలుగునీడల వివరం ప్రతి చుక్కకూ ఉంటుంది, రంగు సమాచారం మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒకటే. డీకోడర్లను తయారుచేసినవాళ్లు ఈ రకాన్నే దృష్టిలో పెట్టుకున్నారు. ఆర్6 లాగ్‌లో ఇచ్చేది 10 బిట్, 4:2:2. రంగు సమాచారం రెండు చుక్కలకు ఒకటి చొప్పున ఉంటుంది. దిద్దడానికి మంచిదే కానీ, హెచ్.265లో ఈ రకాన్ని విప్పే డీకోడర్ రైజెన్ చిప్పుల్లో లేదు, ఆర్‌టీఎక్స్ 40 వరసలోనూ లేదు. ఎన్విడియా దీన్ని 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరసలోనే చేర్చింది. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్‌లో మాత్రం 11వ తరం నాటికే ఉంది. ఆపిల్ ఎం1, ఆ తర్వాతి చిప్పులన్నిటిలోనూ ఉంది. కాకినాడ కుర్రాడి యంత్రంలో ఆ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడింది, గ్రాఫిక్స్ కార్డు చూస్తూ కూర్చుంది.

మీ క్లిప్ ఏ రకమో తెలుసుకోవడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఫైలును అందులో తెరిస్తే ఈ మూడు వరసలు చూడండి:

```
Format             : HEVC
Chroma subsampling : 4:2:2
Bit depth          : 10 bits
```

హెచ్.265కే HEVC అని మరో పేరు. రెండో వరసలో 4:2:0 అని ఉంటే మీకు ఈ తంటా లేదు. ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లలో దాదాపు అందరిదీ ఇదే రకం. వాళ్లు రైజెన్ ల్యాప్‌టాప్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

సరైన చిప్ కొన్నాక కూడా ఒక ఉచ్చు ఉంది. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఆటల వేగం కోసం అంతర్గత గ్రాఫిక్స్‌ను పూర్తిగా ఆపేసే మోడ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఇంటెల్ డీకోడర్ కూడా దాంతోపాటే మాయమవుతుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేజీ తెరిచి, వీడియో ఆడుతున్నప్పుడు `Video Decode` గీత కదులుతోందా చూడండి. అది అడుగునే పడి ఉండి, ప్రాసెసర్ వంద శాతానికి చేరితే డీకోడర్ పనిచేయడం లేదన్నమాట.

ఇక కోర్ల సంగతి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, డీకోడర్ ఆదుకోని క్లిప్పులను విప్పేటప్పుడు కోర్లు చాలా ముఖ్యం. కానీ పెట్టె మీది అంకెను నమ్మలేం. ఇంటెల్ ఐ7-1355యూలో పది కోర్లుంటాయి. వాటిలో బలమైనవి రెండే, మిగతా ఎనిమిదీ కరెంటు ఆదా కోసం పెట్టిన చిన్న కోర్లు. ఐ5-13500హెచ్‌లో బలమైనవి నాలుగు, చిన్నవి ఎనిమిది. పైగా మొదటిదాన్ని 15 వాట్లకు, రెండోదాన్ని 45 వాట్లకు తయారుచేశారు. ఎడిటింగ్‌కు ఆ ఐ5దే పైచేయి. ఐ7 అన్న స్టిక్కర్ చూసి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పేరు చివర యూ ఉందా, హెచ్ ఉందా అన్నది ముందు చూసుకోండి. పెళ్లి వీడియోలకు బలమైన కోర్లు ఆరుంటే హాయి.

గ్రాఫిక్స్ కార్డు పని డీకోడింగ్‌తో అయిపోదు. రంగులు దిద్దడం, మండపంలో తక్కువ వెలుతురులో తీసిన క్లిప్పుల్లో గరుకును తగ్గించడం, స్థిరంగా లేని షాట్లను కుదుర్చడం, ఇవన్నీ దాని మీదే నడుస్తాయి. ఇక్కడ ముందుగా అడ్డం వచ్చేది వేగం కాదు, కార్డు సొంత మెమరీ. 4కె టైమ్‌లైన్‌లో గరుకు తగ్గించే ఎఫెక్ట్ వేస్తే 4 జీబీ కార్డు చేతులెత్తేస్తుంది, డావిన్చీ రిజాల్వ్ అయితే గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందని తెర మీదే చెప్పేస్తుంది. 8 జీబీ ఉన్నది తీసుకోండి. ఇంకో విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు. ఒకే ఆర్‌టీఎక్స్ 4060ను కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు రకరకాలుగా బిగిస్తాయి. పల్చని ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో ఉన్నదీ, మందపాటి దాంట్లో పూర్తి వాట్లతో ఉన్నదీ పేరుకే ఒకటి. తయారీదారు వెబ్‌సైట్‌లో టీజీపీ అన్న చోట ఈ అంకె దొరుకుతుంది.

మెమరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 4కె పనికి 32 జీబీ, 1080పికి 16 చాలు. చూసుకోవాల్సింది తర్వాత పెంచుకోవచ్చా లేదా అన్నదే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింద `Form factor` ఎదురుగా `Row of chips` అని ఉంటే అది బోర్డుకే అతికించింది, ఎప్పటికీ అంతే. ఆపిల్ వాటిలోనూ కొన్న రోజు ఎంత ఉంటే అంతే. స్లాట్లు ఉన్న యంత్రంలో 16 కొనేటట్టయితే రెండు ఎనిమిదుల బదులు ఒకే పదహారు అడగండి. రెండో స్లాట్ నిండేదాకా వేగం కాస్త తగ్గినా, పెంచే రోజున పాతవి తీసి పారేయనక్కర్లేదు.

తెర దగ్గర చేసే పొరపాటు మీ ఇంట్లో బయటపడదు, పెళ్లివారి ఇంట్లో టీవీ మీద బయటపడుతుంది. చవక ల్యాప్‌టాప్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. వెబ్‌కు, మామూలు టీవీకి ప్రమాణమైన ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా ఆ తెర పూర్తిగా చూపలేదు. కుంకుమరంగు పట్టుచీర ఇటుకరంగులో కనిపిస్తుంది. ఎడిటర్ ఎరుపు పెంచుతాడు. టీవీలో చూస్తే చీర అంచు, జరీ, మడతలు అన్నీ కలిసి ఒకే ఎర్రముద్ద. దీనికి తలకిందులైన జబ్బు ఖరీదైన ఓఎల్ఈడీ తెరలది. అవి సినిమా థియేటర్ ప్రమాణమైన పీ3 దాకా రంగులు చూపుతాయి. సాఫ్ట్‌వేర్ ఆ సంగతి గమనించి సర్దకపోతే మంగళస్నానం పసుపు కళ్లు చెదిరేలా ఉంటుంది. ఎక్కువైందనుకుని తగ్గిస్తే మరో తెర మీద పెళ్లికూతురు పాలిపోయి కనిపిస్తుంది. అలాంటి ల్యాప్‌టాప్‌తో ఎస్ఆర్‌జీబీ మోడ్ వస్తుందా అని అడిగి, ఎడిటింగ్‌లో అదే పెట్టుకోండి.

కావలసింది ఎస్ఆర్‌జీబీ 100 శాతం, డెల్టా ఈ 2 కంటే తక్కువ, 300 నిట్ల వెలుగు. డెల్టా ఈ అంటే చూపాల్సిన రంగుకూ చూపిన రంగుకూ మధ్య తేడా. 2 లోపుంటే మామూలు కంటికి పట్టుబడడం కష్టం. కొన్నాళ్లకు తెర రంగు మారుతుంది కాబట్టి, రంగుల పని ఎక్కువగా చేసేవాళ్లు తెర మీద పెట్టి కొలిచే కాలిబ్రేటర్‌ను నలుగురు కలిసి కొని పంచుకోవచ్చు. రాత్రిపూట తెరను పసుపు చేసే నైట్ లైట్‌ను మాత్రం రంగులు దిద్దేటప్పుడు ఆపేయండి. ఇది మరిచిపోయేవాళ్లు చాలామంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, మీ ఊరి దుకాణానికో వెళ్లేటప్పుడు మీ సొంత క్లిప్పులు ఎస్ఎస్‌డీలో పట్టుకెళ్లండి. ఛార్జర్ పెట్టించి, మీరు వాడే సాఫ్ట్‌వేర్ వేసి ఉన్న యంత్రంలో పావుగంట ఎక్స్‌పోర్ట్ నడపనిమ్మనండి. మొదటి రెండు నిమిషాలు ఏ ల్యాప్‌టాప్ అయినా పరుగెత్తుతుంది. వేడెక్కాక ఎంత తగ్గుతుందన్నదే చూడాలి. డావిన్చీ ఉచిత వెర్షన్ వాడేవాళ్లు తమ క్లిప్ అందులో అసలు తెరుచుకుంటుందా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి, అన్ని రకాలనూ అది తీసుకోదు.

మరి ఆ కాకినాడ కుర్రాడు రైజెన్ ల్యాప్‌టాప్‌ను అమ్మేయాలా? ఇప్పుడే అవసరం లేదు. ప్రీమియర్‌లోనూ డావిన్చీలోనూ ప్రాక్సీలు తయారుచేసుకునే వీలుంది. 4కె క్లిప్పులకు బదులు 1080పి సైజులో, ప్రతి ఫ్రేమూ విడిగా ఉండే డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ నకళ్లు చేస్తే మూడు కెమెరాలూ సాఫీగా నడుస్తాయి. కార్డులు కాపీ అయ్యాక రాత్రి ప్రాక్సీలు పెట్టి పడుకుంటే పొద్దునకు తయారు. డిస్క్‌లో అదనపు చోటు కావాలి, చివరి ఎక్స్‌పోర్ట్ అసలు క్లిప్పులతోనే జరుగుతుంది కనుక అక్కడ మాత్రం ఆలస్యం తప్పదు. నెలకు రెండు మూడు పెళ్లిళ్లయితే దీంతోనే నెట్టుకురావచ్చు. మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో వారానికి నాలుగు పెళ్లిళ్లు వచ్చి పడేవాడికే ఇంటెల్ హెచ్ వరస ప్రాసెసర్‌నో, ఆర్‌టీఎక్స్ 50 కార్డునో, ఆపిల్‌నో కొనుక్కునే ఖర్చు గిట్టుబాటవుతుంది.