అకౌంటెంట్ నుంచి అనలిస్టుగా: ప్రొఫైల్‌లో ఏం రాయాలి?

లింక్డిన్‌లో 'అబౌట్' భాగానికి 2,600 అక్షరాల వరకు చోటుంది. కానీ తెరవగానే కనిపించేది మొదటి రెండు మూడు వాక్యాలే. చాలామంది అకౌంటెంట్లు ఆ కాస్త చోటునీ 'జీఎస్టీ రిటర్నులు, టాలీ, నెలాఖరు క్లోజింగ్‌లో పదకొండేళ్ల అనుభవం' అంటూ నింపేస్తారు. అది చదివినవారు మరో అకౌంటెంట్ ఉద్యోగానికే పిలుస్తారు.

అనలిస్టును వెతికేవారికి కావలసింది వేరు. అంకె ఎందుకు మారిందో చెప్పగలరా అన్నదే వాళ్లు చూస్తారు. నిజానికి ఆ పని అకౌంటెంట్ చేతిమీదుగా ఎన్నోసార్లు జరిగే ఉంటుంది. ఉదాహరణకు, రవాణా ఖర్చు బడ్జెట్ దాటిందనుకుందాం. బిల్లులు విడదీసి చూస్తే లారీ రేట్లు పెరగలేదు, అత్యవసరంగా పంపిన సరుకే ఎక్కువైంది. అప్పుడు మొదటి వాక్యం ఇలా రాయొచ్చు: 'బడ్జెట్ దాటిన రవాణా ఖర్చును రేటు, పరిమాణం అని విడదీసి, అసలు కారణం అత్యవసర సరఫరాలేనని తేల్చాను, దాంతో డిస్పాచ్ ప్రణాళిక మారింది.'

చివరి ముక్క చాలా ముఖ్యం. విశ్లేషణ వల్ల ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో అది చెబుతుంది. పదకొండేళ్ల అనుభవం ఆ తర్వాత వాక్యంలో వస్తే చాలు.

కంపెనీ బయటపెట్టని అంకెలు మాత్రం రాయకూడదు. పవర్ బీఐ ఇప్పుడే నేర్చుకుంటుంటే 'నేర్చుకుంటున్నాను' అనే రాయాలి. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో అసలు సంగతి తేలిపోతుంది.