నూనె ఎవరి దగ్గర కొనాలి?

ఆవకాయ సీజన్‌లో కాయలు కొట్టించాక నూనె లారీ రెండు రోజులు ఆలస్యమైతే ముక్క మెత్తబడుతుంది. పచ్చళ్ల యూనిట్‌కి ఆ నష్టం ముందు కిలోకి నాలుగు రూపాయలు తగ్గించి కొన్న లాభం ఏ మూలకీ రాదు. అందుకే సరఫరాదారుల్ని ధర ఒక్కటే చూసి కాక, ఒక్కో అంశానికి వెయిటేజీ ఇచ్చి మార్కులు వేసి ఎంచుకుంటారు.

ఒక చిన్న యూనిట్ వేరుశనగ నూనె కోసం ఇద్దరు వ్యాపారుల్ని చూస్తోందనుకుందాం. ఆహార భద్రత లైసెన్సు లేనివాణ్ని ముందే పక్కన పెట్టేయాలి. అది మార్కులు వేసే విషయం కాదు. లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మిగిలినవి నాలుగు: నాణ్యత, సమయానికి సరుకు, ధర, అరువు గడువు.

వెయిటేజీ ఎవరు నిర్ణయించాలి? యజమాని, వంటశాల మేస్త్రి, లెక్కలు చూసే ఆయన ఎవరికి వారు విడిగా నూరు మార్కులు పంచి రాయాలి. సమయానికి సరుకు రావడానికి మేస్త్రి 40, యజమాని 35, లెక్కలాయన 15 ఇచ్చారు. ఇంత తేడా ఎందుకో మాట్లాడుకున్నాకే సగటు 30 వేసుకున్నారు. అలాగే నాణ్యతకి 35, ధరకి 25, అరువుకి 10 వచ్చాయి. ఇదంతా కొటేషన్లు విప్పకముందే జరగాలి. ధరలు చూశాక వేసే వెయిటేజీ, మనసులో ఉన్నవాణ్ని గెలిపించడానికే పనికొస్తుంది. ప్రభుత్వ టెండర్లలో నాణ్యతకీ మార్కులు వేసేటప్పుడు ఆ లెక్కని టెండరు పత్రంలోనే ముందుగా చెప్పేది అందుకే.

మొదటి వ్యాపారి ధర కిలో 180, రెండో వ్యాపారిది 200. తక్కువ ధరకి పూర్తి 25. రెండోదానికి 180ని 200తో భాగించి 25తో హెచ్చిస్తే 22.5. గత పది ఆర్డర్లలో మొదటివారు ఆరు, రెండోవారు తొమ్మిది సమయానికి పంపారు కనుక 18, 27. నాణ్యతలో ఇద్దరికీ 28. అరువు 30 రోజులిచ్చేవారికి 10, 15 రోజులిచ్చేవారికి 5. మొత్తం 81, 82.5.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అంకెల్ని ఇంకాస్త తరచి చూడాలి. అన్నిటికన్నా ఎక్కువ వెయిటేజీ ఉన్న నాణ్యత ఇద్దరినీ వేరు చేయనే లేదు. ధరలో ఇరవై రూపాయల తేడా కదిపింది రెండున్నర మార్కులే. ఆలస్యం కదిపింది తొమ్మిది. కాగితం మీద 25, 30గా పక్కపక్కన ఉన్నవి, ఫలితం దగ్గర అంత దూరం.

ఇంకో పరీక్ష: సరుకు వెయిటేజీని 25కి దించి ధరని 30కి పెంచితే లెక్క 83, 82.5గా తిరగబడుతుంది. అయిదు మార్కులు అటూ ఇటూ జరిపితే గెలిచేవాడు మారిపోతున్నాడంటే, ఒకటిన్నర మార్కుల ఆధిక్యాన్ని గెలుపుగా లెక్కపెట్టకూడదు. సీజన్‌కి రెండోవారి దగ్గరా, ఆలస్యమైనా ఇబ్బంది లేని వానాకాలంలో మొదటివారి దగ్గరా కొనడం నయం. ఆ వానాకాలపు కొనుగోలుకి వెయిటేజీలు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.