బొల్లి మచ్చలు – పెళ్ళి సంబంధాలు

చర్మంపై పాలవలె తెల్లని మచ్చలు ఏర్పడడాన్ని తెలుగులో బొల్లి అంటాము. దీనికే శ్వేతకుష్ఠు అనే మరొక పేరు కూడా వాడుకలో ఉన్నది. పెళ్ళి మాటల వేళ కలిగే భయంలో చాలా భాగం ఈ రెండవ పేరు తెచ్చిపెట్టినదే. తమిళంలోనూ ఇదే చిక్కు ఉండేది. అందుకే తమిళనాడు ప్రభుత్వం ‘వెణ్‌కుష్ఠం’ అనే మాటకు బదులుగా తెల్లచుక్కలనే అర్థం గల ‘వెణ్‌పుళ్ళిగళ్’ అనే మాటను వాడవలసిందిగా ఉత్తర్వు జారీ చేసింది.

కుష్ఠు సూక్ష్మజీవి వలన వచ్చే వ్యాధి; దానికి మంచి మందులున్నాయి. బొల్లిలో సూక్ష్మజీవి లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున నశింపజేస్తుంది. కనుక తాకినా, కలిసి భుజించినా, కాపురం చేసినా అది అంటుకోదు. పాలు, చేపలు కలిపి తినడం వలన వస్తుందనడానికీ ఆధారం లేదు. కుష్ఠు మచ్చ సాధారణంగా రంగు కొంత వెలిసి, స్పర్శ తగ్గి ఉంటుంది. బొల్లి మచ్చ తెల్లగా ఉన్నా, దూదితో తాకితే స్పష్టంగా తెలుస్తుంది. అయినా నిర్ధారణ చర్మవైద్యులే చేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాము. వధువుకు చేతివేళ్ళ కొసలపైన, మెడపైన మచ్చలున్నాయి. వరుని తల్లి రెండు ప్రశ్నలడుగుతారు: “మా మనుమలకు వస్తుందా? పెళ్ళిలోగా నయమవుతుందా?” రెండూ అడగదగినవే. తల్లికో తండ్రికో బొల్లి ఉన్నప్పుడు బిడ్డకు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది; అయినా అది నూటికి ఐదారుగురిని మించదని సాధారణ అంచనా. అటువంటి బిడ్డలలో అత్యధికులకు రాదు. ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చేవారే ఎక్కువ. కనుక ఈనాడు మచ్చలేని సంబంధాన్ని ఎంచుకున్నంత మాత్రాన రేపటికి హామీ లేదు.

రెండవ ప్రశ్నకు జవాబు అంత సులభం కాదు. పైపూత మందులతో, అతినీలలోహిత కాంతి చికిత్సతో మెడ మీద రంగు చాలావరకు తిరిగి రావచ్చు. వెంట్రుక కుదుళ్ళ వద్ద చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తే చర్మం కోలుకుంటున్నదని గుర్తు. వేళ్ళ కొసలలో ఆ కుదుళ్ళు లేవు, అందుచేత అక్కడ ఫలితం తక్కువ. చికిత్స నెలల తరబడి సాగుతుంది. ముహూర్తానికి ముందే మాన్పుతామనేవారి పసరుపూతలు చర్మాన్ని కాల్చవచ్చు; ఆ గాయం మీద కొత్త మచ్చ పుట్టడమూ కద్దు.

మచ్చలను రంగుపూతతో కప్పి పెళ్ళిచూపులు జరిపే తల్లిదండ్రుల భయం అర్థమవుతుంది. కాని తర్వాత బయటపడినప్పుడు తగవు మచ్చను దాటి మోసమనే మాట వరకు పోతుంది, ఆ నింద అమ్మాయి మీదనే పడుతుంది. తాంబూలాలకు ముందే చెప్పి, కోరితే ఇరు కుటుంబాలూ కలిసి ఒకే వైద్యుని వద్దకు వెళ్ళడం మేలు. చట్టం విషయానికి వస్తే, హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణంగా ఉండిన కుష్ఠును సైతం 2019లో తొలగించారు. బొల్లి ఆ జాబితాలో ఏనాడూ లేదు.