దీపం ముందు పూజారి ముఖం

మా ఊరి శివాలయం గర్భగుడిలో, పూజారిగారి అనుమతితో తీసిన కార్తీక దీపారాధన వీడియో అది. కంప్యూటర్‌లో తెరిస్తే ఆయన ముఖం కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉంది, దీపం తెల్లటి మచ్చలా ఉంది.

నూనె దీపపు వెలుగు సుమారు 1900 కెల్విన్, పగటి వెలుగు 5600. దీపంలో ఎరుపు దండిగా ఉంటుంది, నీలం దాదాపు ఉండదు.

మొదట ఆటో వైట్ బ్యాలెన్స్ నొక్కాను. ఎరుపుతోపాటు గుడీ పోయింది. ట్యూబ్‌లైటు కింద పూజలా తయారైంది! పైగా లేని నీలాన్ని బలవంతంగా పెంచడంతో నీడల్లో రంగుల రవ్వలు లేచాయి. అందుకే ముందు నాయిస్ తగ్గించి, టెంపరేచర్‌ను సగం దూరమే నీలం వైపు జరిపాను. తర్వాత ముఖానికి మాత్రం మాస్కు వేసి, ఎరుపు గాఢత కొద్దిగా తగ్గించి, వెక్టర్‌స్కోప్‌లో చర్మపు గీత దగ్గరికి తెచ్చాను. సరిపోయిందో లేదో పంచె చెబుతుంది: వెన్నరంగులో ఉంటే సరే, తెల్లగా మెరిస్తే ఎక్కువ దిద్దినట్టే.

జ్వాల దగ్గరే ఓడిపోయాను. హైలైట్లు తగ్గిస్తే అంచున నారింజ తిరిగొచ్చింది గానీ, నడుమ తెలుపు బూడిదరంగుకు మారింది. కెమెరాలో తెల్లబడి మాడిపోయిన చోట రంగు నమోదే కాదు, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. నడుమను అలాగే వదిలేశాను. మీరు తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్‌ను 3200 దగ్గర లాక్ చేసి, జ్వాల అంచు రంగు కనబడేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించుకోండి.