ఒకే జాబితా, మూడు ఫోన్లు

ఇంటి సరుకుల జాబితా ఒక్కటే అయినా దాన్ని రాసేవాళ్లు ముగ్గురనుకుందాం. అమ్మ వంటింట్లోంచి కందిపప్పు చేరుస్తుంది. నాన్న సూపర్‌మార్కెట్‌లో ఒక్కొక్కటీ బుట్టలో వేసుకుంటూ టిక్కు పెడుతుంటాడు. ఆఫీసు నుంచి బయల్దేరిన కూతురు బస్సులో కూర్చుని షాంపూ కూడా కావాలని రాస్తుంది. వాట్సాప్ గ్రూపులో రాసుకుంటే పాత సందేశం పైకి వెళ్లిపోతుంది, ఏది కొన్నారో ఏది కొనలేదో తేలదు. ముగ్గురి ఫోన్లలోనూ ఎప్పుడు చూసినా ఒకే జాబితా కనిపించే చిన్న యాప్ ఒకటి ఉంటే ఈ గొడవ తీరుతుంది. ఇలాంటి యాప్‌ను కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్లలు కూడా రాయగలుగుతున్నారంటే, వెనకాల క్లౌడ్ డాక్యుమెంట్ డేటాబేస్ ఉండటమే కారణం. వాటిలో బాగా వాడుకలో ఉన్నది గూగుల్ వారి ఫైర్‌స్టోర్. 2017లో పరీక్షార్థం విడుదలై, 2019 జనవరిలో పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చింది.

మామూలు డేటాబేస్‌లో ఫోను అడిగితేనే సర్వరు చెబుతుంది. మార్పు వచ్చిందేమో తెలియాలంటే మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలి. ఫైర్‌స్టోర్‌లో అలా కాదు. ఫలానా జాబితాలో ఏం మారినా చెప్పమని యాప్ ఒకసారి చెప్పి పెడుతుంది. ఆ తర్వాత సర్వరుతో కలిసిన దారి తెరిచే ఉంటుంది, ఎవరేం మార్చినా ఆ మార్పు దానంతట అదే వచ్చి చేరుతుంది. ఇలా చెవి ఒగ్గి ఉండే కోడ్‌ను లిజనర్ అంటారు.

```
onSnapshot(collection(db, "lists/illu/items"), (snap) => {
  snap.docChanges().forEach((c) => show(c.type, c.doc));
});
```

ఇక్కడ `illu` అన్నది మన ఇంటి జాబితా. దాని కింద `items` అనే సేకరణ, అందులో ఒక్కో సరుకుకు ఒక్కో డాక్యుమెంటు. `c.type` విలువ `added`, `modified`, `removed` అనే మూడింట్లో ఒకటిగా వస్తుంది కాబట్టి, మారిన వరుసను మాత్రమే తెర మీద సరిచేస్తే చాలు. ఆ పని చేసే `show` మాత్రం మనం రాసుకోవలసిందే.

ఒక్కో సరుకుకు ఒక్కో డాక్యుమెంటు అన్నానే, యాప్ మంచిచెడ్డలన్నీ ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి. కొత్తగా రాసేవాళ్లకు తట్టే దారి వేరు: జాబితా మొత్తాన్ని ఒకే డాక్యుమెంటులో వరసగా పెట్టేయడం. ఒక డాక్యుమెంటులో దాదాపు ఒక మెగాబైటు దాకా పడుతుంది, ఇంటి సరుకులకు అది చాలా ఎక్కువ. చోటు విషయంలో ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా ఇద్దరు ఒకేసారి రాసినప్పుడు వస్తుంది. జాబితాలో బియ్యం, చింతపండు ఉన్నాయనుకోండి. నాన్న ఫోను ఆ రెంటినీ చదివి, బియ్యానికి టిక్కు పెట్టి, మొత్తం వరసను తిరిగి పంపుతుంది. అదే క్షణంలో అమ్మ ఫోను కూడా పాత వరసనే చదివి, చివర కందిపప్పు తగిలించి పంపుతుంది. సర్వరు దగ్గర నియమం ఒక్కటే: చివర వచ్చిన రాతే నిలుస్తుంది. అమ్మది తర్వాత చేరితే బియ్యం టిక్కు పోతుంది, నాన్నది తర్వాత చేరితే కందిపప్పే పోతుంది. ఎక్కడా ఎర్రర్ కనిపించదు, రాత్రి వంట మొదలుపెట్టినప్పుడు గానీ సంగతి బయటపడదు.

సరుకుకో డాక్యుమెంటు ఉంటే నాన్న ముట్టుకునేది బియ్యం డాక్యుమెంటును, అమ్మ సృష్టించేది కందిపప్పు డాక్యుమెంటును. రెంటికీ తగాదా లేదు. ఒకే సరుకు దగ్గర ఇద్దరూ కలిసినా, `updateDoc` మనం చెప్పిన గడిని మాత్రమే మారుస్తుంది. ఒకరు టిక్కు పెట్టి, ఇంకొకరు పరిమాణం మారిస్తే రెండూ నిలుస్తాయి. పరిమాణాన్నే ఇద్దరూ పెంచితే మాత్రం జాగ్రత్త కావాలి. టమాటా కిలో ఉండగా ఇద్దరూ చెరో కిలో పెంచితే మూడు కావాలి. చదివి, కూడి, రాసే పద్ధతిలో రెండే అవుతుంది. అందుకే ఒకటి కలపమని సర్వరుకే చెప్పే `increment(1)` ఉంది.

ఇప్పుడు నాన్న సూపర్‌మార్కెట్ సెల్లారులోకి దిగాడు, సిగ్నల్ పోయింది. ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లలో ఫైర్‌స్టోర్ తన కాపీ ఒకటి ఫోన్లోనే దాచుకుంటుంది. బ్రౌజరులో నడిచే యాప్‌కైతే ఆ ఏర్పాటు మనం కోరి పెట్టుకోవాలి. టిక్కు పెట్టగానే మార్పు ముందు ఆ కాపీలో పడుతుంది, తెర మీదా వెంటనే కనిపిస్తుంది. సర్వరుకు వెళ్లాల్సిన రాత వరుసలో నిలబడి, సిగ్నల్ రాగానే బయల్దేరుతుంది. ఇంకా వెళ్లని మార్పును `hasPendingWrites` అనే గుర్తుతో కనిపెట్టవచ్చు. ఆ వరుసను కాస్త బూడిద రంగులో చూపిస్తే, తన టిక్కు ఇంటికి ఇంకా చేరలేదని నాన్నకు తెలుస్తుంది. చాలా యాప్‌లు ఈ చిన్న మర్యాద పాటించవు.

ఇక్కడే రెండు గుంటలున్నాయి. రాత పూర్తయ్యేదాకా ఆగమని `await` రాసి, ఆ తర్వాతే తెర మార్చేలా కోడ్ పెడితే, సిగ్నల్ లేనంతసేపూ యాప్ తిరుగుతూనే ఉంటుంది. ఆ పూర్తి అన్న మాట సర్వరు నుంచి రావలసిందే కాబట్టి, సెల్లారులో అది రాదు. దానికోసం ఎదురుచూడకుండా లిజనర్ చూపించేదాన్నే తెర మీద పెట్టాలి.

రెండోది ఇంకా వింతగా ఉంటుంది. నాన్నకు సిగ్నల్ లేనప్పుడు అమ్మ ఇంట్లో బెల్లం దొరికిందని ఆ సరుకును జాబితాలోంచి తీసేసింది. నాన్న ఫోన్లో బెల్లం ఇంకా ఉంది, కొని టిక్కు పెట్టాడు. ఆ టిక్కును `setDoc`కు `merge: true` తగిలించి రాసి ఉంటే, సర్వరు దగ్గర లేని డాక్యుమెంటు మళ్లీ పుడుతుంది. కానీ అందులో టిక్కు తప్ప పేరు ఉండదు. ముగ్గురి ఫోన్లలోనూ పేరులేని ఖాళీ వరుస ఒకటి ప్రత్యక్షమవుతుంది. `updateDoc` వాడితే, లేని డాక్యుమెంటును మార్చలేనని సర్వరు తిప్పికొడుతుంది, ఆ వరుస నాన్న ఫోన్లోనూ మాయమవుతుంది. పేరులేని వరుసలు కనిపిస్తున్నాయంటే ముందు వెతకాల్సింది ఈ తేడానే. బెల్లం ఎలాగూ కొనేశారు, దానికి డేటాబేస్ చేయగలిగింది ఏమీ లేదు. అలాగే ఇద్దరూ విడివిడిగా కొత్తిమీర రాస్తే రెండు కొత్తిమీరలుంటాయి. ఒకటి చెరిపేయాల్సింది మనుషులే.

ఖర్చు గురించి భయం అక్కర్లేదు. ఫైర్‌స్టోర్ ఉచిత పరిమితి రోజుకు 50,000 చదవడాలు, 20,000 రాయడాలు. ముప్పై సరుకులున్న జాబితాను మూడు ఫోన్లూ రోజుకు పదేసి సార్లు మొదటినుంచీ చదివినా 900 చదవడాలే.

భయపడాల్సింది అనుమతుల నియమాల గురించి. మొదలుపెట్టేటప్పుడు టెస్ట్ మోడ్ ఎంచుకుంటే ముప్పై రోజులపాటు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. ఆ తర్వాత గడువు తీరి యాప్ ఒక్కసారిగా పనిచేయడం మానేస్తుంది. అప్పుడు కంగారుపడి గడువు తేదీని ముందుకు జరిపేవాళ్లున్నారు, అది తలుపు తీసిపెట్టి పడుకోవడమే. జాబితా డాక్యుమెంటులో సభ్యుల గుర్తింపులు రాసి, వాళ్లకే అనుమతి ఇవ్వాలి. జాబితాకు పెట్టిన నియమం దాని కింది సరుకులకు దానంతట అదే వర్తించదు, `items`కు వేరుగా రాయాలి.

మీ యాప్‌ను ఇంట్లోవాళ్ల చేతికిచ్చే ముందు రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టండి. ఒకదాన్ని ఫ్లైట్ మోడ్‌లో ఉంచి ఒక సరుకుకు టిక్కు పెట్టండి, రెండోదానిలో అదే సరుకును తీసేయండి, తర్వాత ఫ్లైట్ మోడ్ తీసి రెండు తెరలూ ఒకటే చూపిస్తున్నాయో లేదో చూడండి.