డిశ్చార్జ్ చీటీలో నాలుగు అంకెలు

జిల్లా ఆసుపత్రి నుంచి పల్లె దవాఖానాకు ఒక చీటీ వచ్చిందనుకుందాం. రోగి 62 ఏళ్ల రైతు. ఆయన గుండె ఎడమ గది, కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో 30 శాతాన్నే బయటికి నెడుతోంది. మామూలుగా అది 55 శాతానికి తగ్గకూడదు. కాళ్ల వాపు, ఆయాసంతో చేరి, 14వ తేదీన ఇంటికి బయల్దేరాడు. ఇకపై ఆయన్ను చూసుకోవాల్సింది దవాఖానా డాక్టరే. చీటీలో మందుల పేర్లు మాత్రమే ఉంటే ఆ డాక్టరుకు సరిపోదు. ఏది ఆపారు, ఏ అంకె దగ్గర ఏం చేయాలి అన్నది కూడా ఉండాలి.

36 గంటలు

ఇంతకాలం దవాఖానాలో ఇచ్చిన ఎనలాప్రిల్ 5 మి.గ్రా. మాత్ర ఆపేశారు. దాని బదులు సాక్యుబిట్రిల్–వల్సార్టాన్ 50 మి.గ్రా., ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. రెండు మందులూ ఒంట్లో కలిస్తే పెదాలు, నాలుక, గొంతు ఉబ్బి ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎనలాప్రిల్ చివరి మాత్ర 10వ తేదీ రాత్రి 8కి వేసుకుంటే, కొత్తది 12వ తేదీ ఉదయం 8 తర్వాతే మొదలుపెట్టారు. కానీ ఇంట్లో డబ్బాలో పాత స్ట్రిప్ ఇంకా ఉంటుంది. ఆశా కార్యకర్త వెళ్లి దాన్ని వెనక్కి తీసుకోవాలని చీటీలో రాయాలి.

ఇంకో తికమక కూడా ఉంది. కొన్ని పెట్టెలపై 50 అని, కొన్నిటిపై 24/26 అని ఉంటుంది. రెండూ ఒకటే మోతాదు. మొదటిది మొత్తం, రెండోది రెండు మందుల వాటా.

5.5

స్పైరోనోలాక్టోన్ 25 మి.గ్రా. కొత్తగా ఇంటికెళ్లే రోజే మొదలైంది. ఇది, వల్సార్టాన్ రెండూ ఒంట్లో పొటాషియాన్ని నిలబెడతాయి. ఇంటికెళ్లే రోజు పొటాషియం 4.4, క్రియాటినిన్ 1.1. వారానికి, అంటే 21న, మళ్లీ నాలుగు వారాలకు రక్తపరీక్ష చేయాలి. పొటాషియం పెరిగినా చాలాసార్లు రోగికి ఏమీ తెలియదు. గుండె లయ తప్పే దాకా బయటపడకపోవచ్చు.

21న 5.7 వచ్చిందనుకోండి. 5.5 దాటింది కాబట్టి మాత్ర సగం చేసి, రెండు మూడు రోజుల్లో మళ్లీ పరీక్షించాలి. 6కు చేరితే మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. ఈలోగా రోగిని రెండు ప్రశ్నలు అడగాలి. నీరసమని రోజూ కొబ్బరి బోండాం తాగుతున్నాడా? అందులో పొటాషియం ఎక్కువ. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నాడా? అది కిడ్నీని దెబ్బతీస్తుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది. రక్తం నమూనా దారిలో ఆలస్యమై కణాలు పగిలినా లేని పొటాషియం ఉన్నట్టు కనిపిస్తుంది. అయినా 6 వస్తే అనుమానంతో ఊరుకోకూడదు.

58 కిలోలు

చేరినప్పుడు బరువు 64, ఇంటికెళ్లేటప్పుడు 58. తగ్గిన ఆరు కిలోలూ దాదాపు నీరే. ఫ్యూరోసెమైడ్ మునుపు ఉదయం 40 మి.గ్రా. ఒక్కటే ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం 2కి మరో 40 కలిపారు. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా మూత్రానికి లేవాలి. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందే బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి 60కి వస్తే, ఉదయం మాత్రను మూడు రోజులపాటు 80 చేయమని ఈ చీటీ చెబుతుంది. 56కు దిగి, లేవగానే కళ్లు తిరిగితే మధ్యాహ్నం మాత్ర ఆపి ఫోన్ చేయమంటుంది.

25

మెటోప్రోలాల్ సక్సినేట్ రోజుకు 25 మి.గ్రా. ఇది మొదటి మెట్టు మాత్రమే, గమ్యం 200. ఒక్కసారిగా పెంచితే బలహీనమైన గుండె తట్టుకోలేదు. అందుకే కనీసం రెండు వారాలకోసారి, నాడి 50కి తగ్గకుండా, ఆయాసం, వాపు పెరగకుండా ఉంటేనే రెట్టింపు చేయాలి. ఎవరు పెంచాలో చీటీలో లేకపోతే, ఆసుపత్రి పెంచుతుందని దవాఖానా, దవాఖానా పెంచుతుందని ఆసుపత్రి అనుకుంటాయి. రోగి ఏడాది గడిచినా 25 దగ్గరే ఉండిపోతాడు.

డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. మాత్రం పెంచే పని లేదు. ఈ రైతుకు షుగర్ లేదు కాబట్టి, పొరపాటున రాశారనుకుని ఆపేసే అవకాశం ఉంది. అందుకే ‘ఇది గుండె కోసం’ అని చీటీలో స్పష్టంగా రాయాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సరిగ్గా దిగని రోజుల్లో మాత్రం దాన్ని ఆపి, వెంటనే దవాఖానాకు రావాలి. తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి.