శుక్రకణాలు ‘సున్నా’ అయితే?

వీర్యంలో శుక్రకణాలు లేవని రెండోసారి పరీక్షలోనూ తేలితే, లోపం వాటి తయారీలో ఉందా, అవి బయటికొచ్చే దారిలో ఉందా అన్నది చూడాలి.

ఒక వ్యక్తికి వృషణాల పరిమాణం, రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను మామూలుగానే ఉన్నాయనుకుందాం. వీర్యం మాత్రం 1 మిల్లీలీటరు కూడా రావడం లేదు. అతనికి పుట్టుకతోనే శుక్రనాళాలు లేకపోవచ్చు. డాక్టరు చేత్తో తడిమి చూసి ఈ సంగతి పట్టగలరు. కణాలు లోపల తయారవుతూనే ఉంటాయి కాబట్టి వాటిని సూదితో తీసి, ఇక్సీ పద్ధతిలో అండంలోకి ఎక్కిస్తే అతను తండ్రి కావచ్చు. ముందుగా దంపతులిద్దరికీ సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యు పరీక్ష అవసరం.

వృషణాలు చిన్నవిగా ఉండి ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగితే సాధారణంగా తయారీ లోపమే. మైక్రో టెసె శస్త్రచికిత్సలో వెతికితే సుమారు సగం మందిలో కణాలు దొరుకుతాయి. వై క్రోమోజోములో ఏజెడ్‌ఎఫ్-ఏ భాగం పూర్తిగా లేనివారికి మాత్రం ఆ ఆపరేషన్ వృథా.